రాత్రి పదింటికి వాట్సాప్‌లో బిల్లులు: క్లయింట్లతో ముందే ఎలా మాట్లాడుకోవాలి?

ఎంవీపీ_స్వాతి: జీఎస్టీ లెక్కలు చేస్తాను, 14 మంది క్లయింట్లు. రాత్రి పదిన్నరకు కూడా బిల్లుల ఫొటోలు, "మేడమ్ చూశారా?" అని మెసేజ్‌లు. ఏ పని ఏ దారిలో పంపాలో, ఎంతసేపట్లో జవాబిస్తామో ముందే ఒప్పుకున్నవాళ్లు ఉన్నారా?

కంచరపాలెం_కుర్రాడు: బ్లూ టిక్ ఆపేయండి అక్కా, గొడవే ఉండదు.

గాజువాక_రావు: 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఆటోనగర్ వాళ్లకు ఆఫీసు టైమింగ్స్ చెబితే మర్నాడే ఇంకొకరి దగ్గరికి పోతారు. మనకున్న బలమే పిలిస్తే పలకడం. రాత్రి తొమ్మిదికి దారిలో ఉన్న సరుకు ఈ-వే బిల్లు గడువు అయిపోతుందని ఫోన్ వస్తే "రేపు చూస్తాను" అంటామా?

ద్వారకానగర్_పద్మ: రావు గారూ, మీరు చెప్పిన ఈ-వే బిల్లే తీసుకుందాం. మామూలు సరుకైతే 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. సోమవారం సాయంత్రం విజయవాడకు బిల్లు తీస్తే దూరం సుమారు 350 కిలోమీటర్లు, అంటే రెండు రోజులు. బుధవారం అర్ధరాత్రితో ముగుస్తుంది. గడువు ముగిసే ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలు పొడిగించుకోవచ్చు. అంటే బుధవారం సాయంత్రం నాలుగింటికే ఆ పని చేసేయవచ్చు. పైగా ట్రాన్స్‌పోర్టర్ బండి అయితే పొడిగించాల్సింది ట్రాన్స్‌పోర్టరే. రాత్రి తొమ్మిదికి మనకు వచ్చే ఆ ఫోన్ సాయంత్రం ఎవరూ అడగని ప్రశ్న.

నేను క్లయింట్లకు పంపింది ఇది: "బిల్లులు మెయిల్‌కు మాత్రమే, ఆ నెలవి వచ్చే నెల 5 లోపు. ప్రశ్నలు వాట్సాప్‌లో. సాయంత్రం 6 లోపు వస్తే ఆ రోజే, తర్వాత వస్తే మర్నాడు మధ్యాహ్నం 12 లోపు జవాబు. దారిలో బండి ఆపినా, నోటీసు వచ్చి గడువు దగ్గర పడినా మెసేజ్ వద్దు, ఫోన్ చేయండి. రాత్రి 10 వరకు ఎత్తుతాను. బండి రోడ్డు మీద ఉంటే సాయంత్రం 5కి నంబర్ పంపండి."

జవాబు అంటే పని పూర్తి చేయడం కాదని కూడా చెప్పాలి. "చూశాను, రేపు 3కి చెబుతాను" అన్నా జవాబే. ఈ ఒక్క మాట విడిగా రాయకపోవడం వల్ల మొదటి నెలంతా గొడవపడ్డాను.

కంచరపాలెం_కుర్రాడు: మరి బ్లూ టిక్?

ద్వారకానగర్_పద్మ: ఆపినా గ్రూపుల్లో చదివినట్టు తెలుస్తుంది తమ్ముడూ. వాట్సాప్ బిజినెస్‌లో పని వేళలు పెట్టి, ఆ వేళ దాటితే తనంతట తానే పోయే మెసేజ్ పెట్టుకో. కానీ రాత్రి ఫోన్‌లో నెట్ ఆపేస్తే అది వెళ్లదు. అది తెలియక నేను వారం రోజులు వెళుతోందనే అనుకున్నాను.

మధురవాడ_డిజైన్: నా క్లయింట్ అమెరికాలో ఉన్నాడు, వాళ్ల పగలు మన రాత్రి. మెలకువగా ఉండక తప్పదు. అందరికీ ఒకే రూలు కుదరదు.

ఎంవీపీ_స్వాతి: నా వాళ్లంతా విశాఖలోనే అండీ. నెల 20కి జీఎస్టీ 3బి రిటర్న్ గడువు కదా, 18 నుంచి ఏం చేస్తారు?

ద్వారకానగర్_పద్మ: ఆ మూడు రోజులూ రాత్రి 8.30 వరకు. అదీ ముందే రాసిచ్చాను. ఒక్క జాగ్రత్త: మొదటి నెలలో రాత్రి 9.40కి "ఒక్క నిమిషం పనే కదా" అని ఒకరికి జవాబిచ్చాను. ఆ వారమంతా అతను 9.40కే పంపాడు. మనం రాసింది కాదు, మనం చేసిందే వాళ్లకు రూలు.

గాజువాక_రావు: ఇంట్లో ఇంకో జీతం వస్తుంటే రూల్స్ బాగానే పెట్టుకోవచ్చమ్మా.

ద్వారకానగర్_పద్మ: నా ఇంటి లెక్క మీకెవరు చెప్పారు? మా ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇద్దరు పిల్లల చదువు ఈ పని మీదే నడుస్తోంది. మాట వెనక్కి తీసుకోండి.

గాజువాక_రావు: తప్పయింది, క్షమించండి. నిజం చెబుతాను. 11 ఏళ్ల క్లయింట్ ఒక రాత్రి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మా అమ్మను ఆసుపత్రిలో చేర్చాం. రెండు నెలలకే అతను ఫైళ్లు తీసుకెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఫోన్ పక్కన పెట్టుకునే పడుకుంటున్నాను.

ద్వారకానగర్_పద్మ: అతని దగ్గర నెలకు ఎంత తీసుకునేవారు?

గాజువాక_రావు: 3,000. రాత్రయినా పగలైనా అంతే.

ద్వారకానగర్_పద్మ: మనిద్దరి గొడవ ఇక్కడే ఉంది రావు గారూ. ఆ 3,000లో రాత్రులు కూడా ఉన్నాయని అతను అనుకున్నాడు, లేవని మీరు ఎప్పుడూ చెప్పలేదు. నేను రాత్రి ఫోన్‌కు విడిగా 500 అని రాశాను. ఏడాదిలో మూడే వచ్చాయి. ఇద్దరు క్లయింట్లు వెళ్లిపోయారు, అదీ నిజమే.

గాజువాక_రావు: ఆ ఇద్దరు వెళ్లడమే నా భయం. నాకున్నది తొమ్మిది మందే.

ఎంవీపీ_స్వాతి: పద్మ గారి మెసేజ్ ముందు ముగ్గురికి పంపుతాను, బండ్లు లేని వాళ్లకే. 500 మాట మాత్రం ఇప్పుడే రాయలేను. 20 దాటాక ఇక్కడే చెబుతాను.