అప్‌డేట్: సీనియర్ అసిస్టెంట్ సార్ రిటైర్మెంట్ స్పీచ్‌లో ఏం చెప్పాను

నా ప్రశ్న: "మా మండల ఆఫీసులో గుమాస్తాగా చేరిన సార్ రిటైరవుతున్నారు. పొగడ్తల దండకం కాకుండా, ఉన్నదున్నట్టు, ప్రేమగా ఎలా మాట్లాడాలి?"

సభ బాగా జరిగింది, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పనికొచ్చింది ఒక్కటే, "నిజాయితీపరుడు అనకండి, ఒక ఫైలు చెప్పండి" అన్న మాట. అనంతపురం జిల్లా కదా, వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఇన్‌పుట్ సబ్సిడీ జాబితా గురించి చెప్పాను. సార్ దాన్ని పంట సాగు వివరాలుండే అడంగల్‌తో సర్వే నంబరు వారీగా సరిచూస్తే, చనిపోయిన పట్టాదారుల పేర్లు ఇంకా భూమి హక్కుల రికార్డు 1బీలో ఉన్నట్టు బయటపడింది. ఆయన వాళ్ల వారసులను పిలిపించి మ్యుటేషన్ అర్జీలు పెట్టించారు, లేకపోతే ఆ డబ్బు వాళ్లకు చేరేదే కాదు.

లోపం చెప్పాలా వద్దా అని చాలా టెన్షన్ పడ్డాను. "సార్ దగ్గర ఫైలు ఆలస్యమయ్యేది, పాత రికార్డు చూడకుండా నోట్ రాయరు కాబట్టి" అని కారణంతో కలిపి చెప్పేసరికి ముందు ఆయనే నవ్వారు. సర్వీస్ రిజిస్టర్ చూసి రాసుకున్న ప్రమోషన్ల తేదీలు, పద్యం అసలు అక్కర్లేకపోయాయి. స్టేజీ దిగాక ఆయన భార్య ఆ కాగితం అడిగి తీసుకున్నారు.