టీషర్టు మీద స్వెటర్: నాన్నగారి కార్డు ఫొటో

మిర్యాలగూడ అమ్మాయి: కువైట్‌లో ఉన్న మా నాన్నగారు పంపిన ఒకే ఒక మంచి ఫొటోలో ఆయన బూడిదరంగు టీషర్టుతో ఉన్నారు. కొత్త సంవత్సరం కార్డు కోసం దానిపై స్వెటరో జాకెటో శాలువానో వేసినట్లు చేయవచ్చా?

దేవరకొండ మాస్టారు: దగ్గరలోని స్టూడియోకు తీసుకెళ్లి, స్వెటర్ వేయించి మళ్లీ తీయించండి. అతికించినది ఎప్పటికైనా అతుకే.

మిర్యాలగూడ అమ్మాయి: ఆయన కువైట్‌లో ఉన్నారని రాశాను కదా, మాస్టారు గారూ.

పాత స్టూడియో: తల స్వెటర్ మెడ మీద తేలుతున్నట్లు కనిపించిందంటే పని చెడినట్లే. అందుకే నిండు మెడ స్వెటర్ జోలికి పోకండి. ముందు తెరిచి ఉండే జాకెట్ ఎంచుకుంటే టీషర్టు మెడ చెక్కుచెదరకుండా ఉంటుంది, అతుకు గుడ్డ మీద గుడ్డకే పడుతుంది. ఇంటర్నెట్ బొమ్మ కన్నా, నాన్నగారి ఒడ్డూపొడుగూ ఉన్నవారికి నిజమైన జాకెట్ తొడిగి, ఫొటోలో వెలుతురు ఏ వైపు నుండి పడిందో ఆ వైపునే కిటికీ ఉండేలా నిలబెట్టి తీసుకోండి. ఫొటోషాప్‌లో జాకెట్‌కూ టీషర్టుకూ మధ్య కొత్త లేయర్ తెరిచి, దానిని Multiply లో పెట్టి, మెత్తని బ్రష్‌తో జాకెట్ అంచు వెంబడి సన్నని నీడ గీయండి. ఆ నీడ లేకపోతే జాకెట్ కాగితంలా అంటుకుని కనిపిస్తుంది.

పాలమూరు గొంగడి: ఇంత శ్రమ ఎందుకు? నల్ల గొంగడి భుజాల మీద కప్పితే మెడా, పొట్టి చేతులూ రెండూ దాగిపోతాయి.

పాత స్టూడియో: చేతుల సంగతి నిజమే, అన్నా, జాకెట్ వేస్తే మోచేతి కింది భాగాన్నీ కప్పక తప్పదు. కానీ గొంగడి అంచున నూగు ఉంటుంది. కత్తెరతో కోసినట్లు పెన్ టూల్‌తో కోస్తే అది రబ్బరు షీటులా మారుతుంది. Select and Mask లో ఆ వెంట్రుకలను ఓపికగా నిలబెట్టాలి.

దేవరకొండ మాస్టారు: మా అమ్మాయికి వచ్చిన ఒక సంబంధంలో అబ్బాయి ఫొటోకు కోటు అతికించి పంపారు. మనిషి వచ్చాక మేము ఎంత నొచ్చుకున్నామో మీకు తెలియదు. లేనిది ఉన్నట్లు చూపడమే తప్పు.

మిర్యాలగూడ అమ్మాయి: నేను ఎవరినీ మోసం చేయడం లేదండీ! ఆ టీషర్టు ఆయన పనిచేసే చోట ఇచ్చినది, ఛాతీ మీద కంపెనీ ముద్ర ఉంది. బంధువుల ఇళ్లలో ఆ ముద్ర చూసి నవ్వుతారేమోనని అమ్మ బాధపడుతోంది.

పాలమూరు గొంగడి: ఆ ముద్రే మీ ఇల్లు నడుపుతోంది, చెల్లీ. దాన్ని ఎందుకు దాచాలి?

దేవరకొండ మాస్టారు: ఇది ముందే చెప్పి ఉంటే నేను అంత మాట అనేవాడిని కాదు. అయినా ఆయనను అడిగారా?

మిర్యాలగూడ అమ్మాయి: ఇంకా లేదు. ఈ రాత్రి ఫోన్‌లో అడుగుతాను. ఈలోగా తమ్ముడికి జాకెట్ తొడిగి కిటికీ దగ్గర నిలబెట్టాను; జిప్పు ఎంతవరకు పెట్టమంటారు?

పాత స్టూడియో: ముద్ర దాగేంత వరకు, మెడ కనిపించేంత వరకు. ఫోన్‌ను తమ్ముడి ఛాతీ ఎత్తులో పట్టుకోండి, లేకపోతే భుజాలు కలవవు.