60 రావాల్సిన కుకీలు 28 వచ్చాయి, ఎక్కడ పోయింది?

పొయ్యిదగ్గర: మధ్యాహ్నం నుంచి ఇదే గోల. చాక్లెట్ చిప్ కుకీలు, రెసిపీలో 60 అని ఉంది, నాకు 28 వచ్చాయి. కొలతలన్నీ సరిగ్గానే వేశాను, స్కూప్‌తోనే పెట్టాను. చెప్పినట్టు 10 నిమిషాలకి తీస్తే మధ్యలో పచ్చిపిండి! ఎల్లుండి స్కూల్‌కి 60 పంపాలి.

మినపగుండు: ఏ స్కూప్?

పొయ్యిదగ్గర: మామూలుదే అండీ, నొక్కితే పిండి జారేది.

కప్పులొద్దు: ముందు మైదా ఎలా కొలిచారో చెప్పండి. జల్లించి పోస్తే కప్పు 120 గ్రాములు, డబ్బాలో గుచ్చి తీస్తే 150 దాకా పోతుంది. మన ఆడవాళ్లకీ మగవాళ్లకీ తూకం అంటే బద్ధకం. బేకింగ్‌లో కప్పు అనే మాటే నిషేధించాలి.

పొయ్యిదగ్గర: తూచే వేశానండీ. వెన్న 225, పంచదార 150, బ్రౌన్ షుగర్ 165, మైదా 280, చిప్స్ 340, గుడ్లు రెండు.

తీపిబుగ్గ: స్కూప్ మీద నంబర్ ఉంటుంది, అదే గ్రాములు.

పొయ్యిదగ్గర: లోపలి రేకు మీద 40 అని ఉంది. అంటే 40 కుకీలా?

మినపగుండు: రెండూ కాదు. అమెరికన్ క్వార్ట్, అంటే సుమారు 946 మి.లీ., ఆ స్కూప్‌తో అంచుకి గీసి తీస్తే ఎన్నిసార్లకి ఖాళీ అవుతుందో ఆ నంబర్. 40 అంటే సుమారు 24 మి.లీ. నంబర్ పెరిగే కొద్దీ స్కూప్ చిన్నది. చిప్స్ ఉన్న ఇలాంటి పిండి అయితే గీసినప్పుడు 30 గ్రాముల దగ్గర తూగుతుంది.

తీపిబుగ్గ: నాది 40 నంబరే, తూచాను, 40 గ్రాములే వచ్చింది. లెక్కలు కాదు, చేతి అనుభవం.

మినపగుండు: గోపురంలా తీసి ఉంటారు. గీసి తూచండి.

తీపిబుగ్గ: గోపురంలా తీయకపోతే అది స్కూప్ ఎలా అవుతుంది?

మినపగుండు: పొయ్యిదగ్గర గారూ, మీ లెక్క చూద్దాం. గుడ్లతో కలిపి మొత్తం 1,260 గ్రాముల పైన, గిన్నెకి అంటుకున్నది తీసేస్తే 1,250 అనుకోండి. 28తో భాగిస్తే ఒక్కోటి 45 గ్రాములు. 60 రావాలంటే 21 గ్రాములు. మీవి రెండింతల ముద్దలు, 10 నిమిషాల్లో మధ్య ఎలా ఉడుకుతుంది? గీసి తీసినా 40 నంబర్‌తో నలభై చిల్లరే వస్తాయి. 60 నంబర్ స్కూప్ కావాలి, లేదా తూచి ఉండలు చేయండి.

రాగిముద్ద: నేను గుడ్డు లేకుండా రాగి కుకీలు చేస్తాను, నాకు ఎన్ని గ్రాములు పెట్టాలి?

మినపగుండు: మీ పిండి సాంద్రత వేరు, ఒక స్కూప్ గీసి తూచుకోండి.

కప్పులొద్దు: చూశారా, చివరికి తూకం దగ్గరికే వచ్చారు.

రాగిముద్ద: మరి నావి పరుచుకోవట్లేదు, అదెందుకు?

పొయ్యిదగ్గర: 21 గ్రాములవి ఎనిమిది కాల్చాను, 10 నిమిషాలకే బాగా వచ్చాయి. థాంక్స్ అండీ. ఆ 28 మా ఇంట్లోవాళ్లు తింటున్నారు.