తీగను చెరుపుతామా, ఆకాశాన్ని మాన్పుతామా?

శైలజ: అందరికీ నమస్కారం. ఫోటోలు దిద్దుకోవడం మీద తెలుగులో చిన్న పాఠాలు రాస్తున్నాను. ఇప్పుడు రాస్తున్నది ఆకాశానికి అడ్డంగా పోయే కరెంటు తీగల్నీ, కేబుళ్లనీ ఫోటోషాప్‌లో తీసేయడం గురించి. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "హీలింగ్ బ్రష్‌తో గానీ క్లోన్ స్టాంప్‌తో గానీ తీగను చెరపండి" అని రాశాను. అది చదివిన ఒకామె రెండూ ఒకటేననుకుని తీగ మొత్తాన్నీ హీలింగ్ బ్రష్‌తోనే దిద్దేసింది. ఆకాశం మధ్యలో బాగానే వచ్చింది. తీగ గోడను తాకే చోట మాత్రం బొగ్గు పులిమినట్టు నల్లటి మరక పడింది. తప్పు ఆమెది కాదు, నేను వాడిన క్రియదే అనిపిస్తోంది. రెండు పనిముట్లకూ రెండు వేర్వేరు క్రియలు కావాలి. ఏమందాం?

కిరణ్: "చెరపడం" చాలు అక్కా, అందరికీ అర్థమయ్యే మాట. నిజానికి రెండూ పక్కనుంచి తెచ్చి అతికించేవే. హీలింగ్‌లో అంచులు మెత్తగా కలిసిపోతాయి, అంతే తేడా. క్లోన్ స్టాంప్‌లో బ్రష్ అంచు గట్టితనాన్ని, అదే హార్డ్‌నెస్‌ని, సున్నా పెట్టుకుంటే అదే ఫలితం వస్తుంది. రెండు క్రియలు పెడితే నేర్చుకునేవాళ్లకి టెన్షన్ ఎక్కువవుతుంది.

పద్మావతి: ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు. నేనూ ఇలాంటి పాఠం ఒకటి చదివి తీగ చెరిపాను. ఇరేజర్‌తో రుద్దితే తీగ పోయింది గానీ ఆ చోటంతా తెల్లగా గీత మిగిలింది. ఎవరో లేయర్ తాళం తీయమన్నారు. తీసి మళ్లీ రుద్దితే ఈసారి బూడిదరంగు గళ్లు కనిపించాయి. ఆకాశం ఎక్కడికి పోయిందండీ?

భాస్కరరావు: పద్మావతి గారూ, శైలజ గారి ప్రశ్నకి సగం జవాబు మీరే చెప్పారు. పలక మీద రాత చెరిపితే కింద పలక ఉంటుంది. ఫోటోలో తీగ చెరిపితే కింద ఆకాశం లేదు. కెమెరా ఆ చోట తీగనే చూసింది, దాని వెనక ఏముందో ఫైల్లో ఎక్కడా లేదు. అందుకే ఇరేజర్ మీకు బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌లో తెల్లరంగు పూసింది, తాళం తీశాక బొక్క చేసింది. మనం చేసేది చెరపడం కాదు, లేని ఆకాశాన్ని తయారుచేసి తీగ మీద పరచడం. "చెరపండి" అని రాస్తే మీలా ఇరేజర్ పట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, అది చదివేవాళ్ల తప్పు కాదు.

కిరణ్, నువ్వన్నది క్లోన్ స్టాంప్ విషయంలో నిజం. `Alt` నొక్కి ఒక చోట క్లిక్ చేస్తే అక్కడి పిక్సెళ్లని రంగుతో, వెలుతురుతో సహా ఉన్నవి ఉన్నట్టు తెచ్చి పెడుతుంది. హీలింగ్ బ్రష్ అలా చేయదు. `Alt` క్లిక్ చేసిన చోటు నుంచి అది తీసుకునేది గరుకుదనం మాత్రమే, అంటే గ్రెయిన్, సన్నటి హెచ్చుతగ్గులు. రంగునీ వెలుతురునీ మాత్రం నువ్వు గీసిన గీత చుట్టూ ఉన్న అంచు నుంచి తీసుకుని లోపలికి నింపుతుంది. హార్డ్‌నెస్ ఎంత తగ్గించినా క్లోన్ స్టాంప్ ఆ పని చేయలేదు.

ఒకసారి చేసి చూడు. ఆకాశం పైన ముదురు నీలంగా మొదలై కిందికి వచ్చేకొద్దీ తెల్లబడుతుంది కదా. తీగకి వంద పిక్సెళ్లు పైనుంచి క్లోన్ చేస్తే, తీగ ఉన్నచోట చుట్టుపక్కల కంటే కాస్త ముదురు పట్టీ ఒకటి మిగులుతుంది. నలుపు నుంచి తెలుపు దాకా ఉండే 255 మెట్లలో రెండు మూడు మెట్ల తేడా అయినా, గీతలా సాగినందువల్ల కన్ను పట్టేస్తుంది. మెత్తటి బ్రష్ ఆ పట్టీ అంచుల్ని పలచన చేస్తుందే గానీ పట్టీని తీసేయదు. పైగా మెత్తటి అంచు దగ్గర పాత గ్రెయినూ కొత్త గ్రెయినూ సగం సగం కలిసి నున్నగా అయిపోతాయి. గరుకు ఆకాశంలో ఆ నున్నటి దారి మళ్లీ తీగలాగే కనిపిస్తుంది.

సుబ్రహ్మణ్యం: ఈ వివరం విన్నాక క్రియ ఎంచుకోవడం తేలికైంది. హీలింగ్‌కి "మాన్పడం" అని చాలామంది రాస్తున్నారు, మంచి మాటే. కానీ వాడేటప్పుడు కర్మ ఏదో చూసుకోవాలి. గాయం మానుతుంది, గాయాన్ని మాన్పుతాం. "తీగను మాన్పండి" అంటే తెలుగు చెవికి తప్పుగా తోస్తుంది, ఎందుకంటే తీగకి జబ్బేమీ లేదు. "ఆకాశాన్ని మాన్పండి" అన్నా పూర్తిగా కుదరదు. "తీగ చేసిన గాటును మాన్పండి" అంటేనే కుదురుతుంది. నిజంగా పుండు మానేటప్పుడు కూడా చుట్టూ ఉన్న చర్మం అంచుల నుంచి లోపలికి కొత్త చర్మం వస్తుంది. భాస్కరరావు గారు చెప్పింది అదే కదా. కాబట్టి మాట పైపైన అతికింది కాదు, పని తీరుకే సరిపోయింది.

క్లోన్‌కి మాత్రం మాన్పడం పనికిరాదు. అక్కడ "మాసిక వేయడం" అంటాను. వేరే చోటి గుడ్డ ముక్కని తెచ్చి చిరుగు మీద కుట్టడమే మాసిక. ముక్క రంగు ముక్కదే.

నజీమా: మాసిక బాగుంది సార్. హీలింగ్‌కి "రఫ్ఫు" అంటే ఇంకా బాగుంటుందేమో. నేను కొన్నాళ్లు రఫ్ఫు పని నేర్చుకున్నాను. చిరుగు చుట్టూ ఉన్న నేతని చూసుకుంటూ పోగు మీద పోగు వేసుకుంటూ పోతాం, పూర్తయ్యాక ఎక్కడ చిరిగిందో తెలియకూడదు.

భాస్కరరావు: మాట అందంగా ఉందమ్మా, కానీ ఒక్కచోట అడ్డం తిరుగుతుంది. రఫ్ఫులో మీరు తెచ్చిన దారం రంగే గుడ్డలో ఉంటుంది, అందుకే రంగు కలిసే దారం వెతుక్కుంటారు. హీలింగ్‌లో దారం ఏ రంగుదైనా గుడ్డ రంగులోకి మారిపోతుంది. ఆ మారిపోవడం వల్లే శైలజ గారి పాఠకురాలికి మరక పడింది.

శైలజ: ఆ మరక సంగతే చెప్పండి భాస్కరరావు గారూ. దానికీ ఒక మాట కావాలి నాకు.

భాస్కరరావు: బ్రష్ గోడ అంచుని తాకగానే, గీత చుట్టూ ఉన్న అంచులో కొంత ఆకాశం, కొంత నల్లటి గోడ వచ్చేస్తాయి. హీలింగ్‌కి ఏది గోడో ఏది ఆకాశమో తెలియదు. రెండిటి రంగునీ లోపలికి కలిపి నింపుతుంది. గోడ నలుపు ఆకాశంలోకి పాకేది అలాగే. మూలం, అంటే `Alt` క్లిక్ చేసే చోటు, స్వచ్ఛమైన ఆకాశంలోదే అయినా ఈ మరక తప్పదు, ఎందుకంటే తప్పు మూలంలో లేదు, అంచులో ఉంది. ఇది తెలియక మూలం మారుస్తూ పదిసార్లు గీసేవాళ్లని చూశాను. గీసిన ప్రతిసారీ మరక ఇంకాస్త పెరుగుతుంది.

ఈమధ్య నేను చేసిన ఫోటోనే చెప్తాను. ఆరువేల పిక్సెళ్ల వెడల్పు. మూడు తీగలు ఎడమ అంచు నుంచి వచ్చి కుడివైపు గోడకి తగులుతున్నాయి. తీగ మందం ఆరు పిక్సెళ్లు, షార్పెనింగ్ వల్ల రెండు పక్కలా సన్నటి తెల్ల అంచు ఉంది. తీగ ఒక్కటే కప్పితే ఆ తెల్ల అంచులు జంట గీతల్లా మిగిలిపోతాయి. అందుకని బ్రష్ పదిహేను పెట్టుకున్నాను. పైన ఖాళీ లేయర్ ఒకటి తీసి, రెండు పనిముట్లకీ `Sample: Current & Below` పెట్టాను. ఏం చెడినా కింది ఫోటో అలాగే ఉంటుంది.

మొదట గోడ దగ్గర తీగని తెంపాను. ఇది క్లోన్ స్టాంప్ పని. హార్డ్‌నెస్ తొంభై దగ్గర, మూలం అదే గోడ అంచు మీద తీగకి కాస్త పైన. మూలం సరిగ్గా అంచు మీద, గీత కూడా సరిగ్గా అంచు మీద మొదలవ్వాలి. లేకపోతే గోడకి మెట్టు పడుతుంది. అలా గోడ నుంచి అరవై పిక్సెళ్ల దూరం దాకా తీగ లేకుండా చేశాక, మిగిలిన తీగ చుట్టూ ఆకాశం తప్ప ఏమీ లేదు. అప్పుడు హీలింగ్ బ్రష్ తీసుకుని, తీగకి ముప్పై పిక్సెళ్ల పక్కన `Alt` క్లిక్ చేసి, ఒక చోట క్లిక్, తర్వాత `Shift` పట్టుకుని ఇంకో చోట క్లిక్. రెండిటి మధ్యా తిన్నని గీత పడుతుంది. తీగ వేలాడుతుంది కాబట్టి ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేసారి క్లిక్ చేస్తే గీత వంపుని వదిలేసి పైనుంచి పోతుంది. చిన్న చిన్న ముక్కలుగా పోవాలి.

కిరణ్: చేసి చూశాను అన్నా. మీరన్న ముదురు పట్టీ నిజంగానే వచ్చింది. మామూలుగా చూస్తే కనపడలేదు గానీ, పైన వెలుగునీడల తేడా పెంచే కర్వ్స్ లేయర్ వేసి, అందులోని గీతని బాగా నిటారుగా లాగితే తీగ ఉన్న దారంతా తేలింది. రెండూ ఒకటే అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ గోడ దగ్గర క్లోన్ తప్పనిసరా? గోడ అంచు వెంబడి సెలెక్షన్ గీసుకుని, ఆకాశం వైపు మాత్రమే హీలింగ్ చేస్తే మరక రాలేదు నాకు.

భాస్కరరావు: రాదు. సెలెక్షన్ బయట ఉన్న రంగుని అది లోపలికి రానివ్వదు. అంచు తిన్నగా ఉంటే నీ పద్ధతే శుభ్రం. సెలెక్షన్ మాత్రం గోడ అంచుని కచ్చితంగా పట్టుకోవాలి, రెండు పిక్సెళ్లు గోడలోకి జరిగినా మళ్లీ నలుపు పాకుతుంది.

సుబ్రహ్మణ్యం: మీరిద్దరూ తెలియకుండానే "పాకడం" అనేశారు. నాచు పాకుతుంది, మంట పాకుతుంది, తీగ కూడా పాకుతుంది. పక్కదాన్ని అంటుకుని మెల్లగా వ్యాపించడానికి తెలుగులో ఉన్న మాటే అది. శైలజ గారూ, మరకకి కొత్త మాట అక్కర్లేదు, "అంచు రంగు పాకింది" అని రాయండి.

నజీమా: బట్టల్లో అయితే "రంగు దిగింది" అంటాం. అది కూడా సరిపోతుంది కదా?

సుబ్రహ్మణ్యం: దిగడంలో రంగు ఒకదాన్ని వదిలి ఇంకోదానికి పోతుంది. ఇక్కడ గోడ నలుపు గోడలో అలాగే ఉండి ఆకాశంలోకి కూడా వచ్చింది. నాకు పాకడమే నచ్చింది, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

శైలజ: వాక్యం ఇలా మార్చాను. "ముందు తీగ గోడను తాకే చోట క్లోన్ స్టాంప్‌తో మాసిక వేసి, తీగను గోడ నుంచి విడదీయండి. తర్వాత ఆకాశంలో మిగిలిన తీగను హీలింగ్ బ్రష్‌తో మాన్పండి." రెండో వాక్యంలో మళ్లీ తీగనే మాన్పేశాను, ఇప్పుడే చూశాను. "తీగ గాటును మాన్పండి" అని దిద్దుతాను. ఇక `Alt` క్లిక్ చేసే చోటుకి "మూలం" అనాలా "నమూనా" అనాలా అన్నది తేలలేదు. క్లోన్‌కి మూలం కుదురుతుంది, అక్కడి పిక్సెళ్లే వస్తాయి కాబట్టి. హీలింగ్‌లో సగమే వస్తుంది కదా?

నజీమా: గరుకుదనం మాత్రమే తీసుకుంటుంది కాబట్టి హీలింగ్‌కి నమూనా అనొచ్చు. కానీ ఒకే `Alt` క్లిక్‌కి రెండు పేర్లంటే కిరణ్ ఊరుకోడు.

పద్మావతి: నా ఫోటోలో గోడ లేదండీ, తీగ చెట్టు కొమ్మల్లోంచి పోతోంది. ఆకుల మధ్య ఆకాశం చుక్కలు చుక్కలుగా ఉంది. ఎక్కడ గీసినా అంచే తగులుతోంది. అక్కడ మాన్పాలా, మాసిక వేయాలా?

భాస్కరరావు: అక్కడ మాసికే, పద్మావతి గారూ. అదే చెట్టులో తీగ లేని ఇంకో కొమ్మ నుంచి, చిన్న బ్రష్‌తో, మూలం మాటిమాటికీ మారుస్తూ పోవాలి. ఒకే మూలంతో సాగితే ఒకే ఆకు గుత్తి రెండోసారి కనిపించి దొరికిపోతుంది. ఆ ఫోటో ఒకసారి పెట్టండి, చూసి చెప్తాను.