ఏడో తరగతి నేలల పాఠం: జల్లెడ పడితే నల్లరేగడి కంకర నేలగా కనిపిస్తోంది

బడిగంట:
నేను వికారాబాద్ జిల్లాలో ఏడో తరగతికి సైన్సు చెబుతాను. పిల్లల చేత మట్టి తెప్పించి, జల్లెడ పట్టించి, పోలిక పట్టిక రాయించాలని నా ఆలోచన. ముందుగా ఇంట్లో చేసి చూశాను. ఎర్రనేల మట్టి, తాండూరు వైపు నల్లరేగడి ఒక్కొక్కటి 200 గ్రాములు తూచి, పైన 2 మిల్లీమీటర్ల జల్లెడ, కింద పిండి జల్లెడ పెట్టి ఊపాను. పై జల్లెడలో ఎర్రమట్టి 38 గ్రాములు నిలిస్తే, నల్లమట్టి 112 గ్రాములు నిలిచింది. పిల్లలు ఈ అంకెలు చూస్తే రేగడిలోనే రాళ్లు ఎక్కువని రాస్తారు. దీన్ని ఎలా సరిదిద్దాలి?

మిద్దెతోట:
మేడమ్, కుండీలకు ఈ రెండింటిలో ఏ మట్టి మంచిదో కూడా చెప్పగలరా? నేను నల్లమట్టి ఒక్కటే నింపితే ఎండాకాలంలో మట్టి బిగుసుకుపోయి, కుండీ అంచు నుంచి విడిపోయింది.

రేగడి:
నేను చాలాకాలం భూసార పరీక్షల పని చేశాను. మేడమ్, మీ పై జల్లెడలో నిలిచినవాటిలో ఎక్కువ భాగం రాళ్లు కాదు, గడ్డలు. రేగడిలోని బంక ఎండినప్పుడు సన్నని రేణువులన్నింటినీ పట్టి బిగిస్తుంది కనుక, జల్లెడ ఆ గడ్డను ఒకే పెద్ద రేణువుగా లెక్కకడుతుంది. అందులోంచి ఒక ముక్కను తీసి, తడి అరచేతిలో వేసి బొటనవేలితో రుద్దండి. గడ్డయితే కరిగి వేలికి జిగురుగా అంటుకుంటుంది, రాయి అలాగే ఉంటుంది. ఈ చిన్న పనిని పిల్లల చేత తప్పక చేయించండి, ఎందుకంటే పట్టికలోని అంకె ఎందుకు మోసం చేస్తోందో అక్కడే వారికి అర్థమవుతుంది.

తరువాత అదే మట్టిని చెక్క సుత్తితో మెల్లగా చిదిపి, చెంచాడు బట్టల సోడా కలిపిన నీటిలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు అవే జల్లెడల మీద నీరు తేటగా దిగేదాకా కడగాలి. నిలిచినదాన్ని ఆరబెట్టి తూచాలి. నీటితో పోయిన భాగం 200 నుంచి తీసివేస్తే తెలుస్తుంది.

గోదారిగట్టు:
మా కోనసీమ ఒండ్రుమట్టిని చిదిపి జల్లిస్తే దాదాపు అంతా పిండి జల్లెడ దిగిపోతుంది. కాబట్టి కిందకు దిగినదంతా బంకమట్టి అని రాస్తే సరిపోతుంది కదా?

రేగడి:
సరిపోదండీ. పిండి జల్లెడ కన్ను సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది, బంక రేణువు 0.002 మిల్లీమీటరు కంటే చిన్నది. సన్నని ఇసుక, ఒండ్రు, బంక మూడూ ఆ కన్నులోంచి కలిసే దిగుతాయి. వాటిని విడదీయడం ఏ వంటింటి జల్లెడకూ సాధ్యం కాదు. దిగిన మట్టిని సీసాలో నీళ్లతో గిలకరించి నిలబెడితే ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది, ఒండ్రుకు గంటలు పడుతుంది, బంక మర్నాటికి కూడా నీటిని మురికిగానే ఉంచవచ్చు. అందుకని పట్టికలో ఆ గడికి ‘జల్లెడ దిగినది’ అన్న పేరే ఉంచండి.

బడిగంట:
చెప్పినట్లే చేశాను. పట్టిక ఇలా వచ్చింది (గ్రాములలో):

| | ఎర్రనేల, పొడిగా | ఎర్రనేల, కడిగాక | రేగడి, పొడిగా | రేగడి, కడిగాక |
|---|---|---|---|---|
| పై జల్లెడ | 38 | 35 | 112 | 9 |
| పిండి జల్లెడ | 96 | 84 | 60 | 31 |
| దిగినది | 64 | 81 | 26 | 160 |

పొడిగా జల్లించినప్పుడు రెండు గ్రాములు దుమ్ముగా పోయాయి. ఎర్రనేలలో పెద్దగా మార్పు లేకపోవడం, రేగడి పూర్తిగా తలకిందులు కావడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. అయితే రేగడిలో మిగిలిన ఆ 9 గ్రాములు తెల్లని గుండ్లు, అవి ఎంత రుద్దినా కరగలేదు.

రేగడి:
అవి సున్నపు గుండ్లు, రేగడిలో సహజంగానే ఉంటాయి. వాటి మీద నిమ్మరసం చుక్క వేస్తే బుడగలు వస్తాయి. పట్టికలో దానికి ఒక వరుస కలపండి.

మట్టి తేవడంలోనూ జాగ్రత్త కావాలి. గట్టు మీద, పెంటకుప్ప దగ్గర, చెట్టు కింద తీయకూడదు. పైనున్న చెత్త తొలగించి, 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారపు గుంట తవ్వి, దాని పక్క నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంతో చెక్కాలి. ఒకే చేనులో నాలుగైదు చోట్ల అలా తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండింటిని ఉంచుకుంటూ అర కిలోకు తగ్గించి, నీడలో ఆరబెట్టాలి.

గోదారిగట్టు:
మా బడిలో త్రాసు లేదు, గ్లాసుతో కొలిపిద్దామనుకుంటున్నాను. గడ్డల మధ్య గాలి ఉంటుంది కనుక రేగడి గ్లాసు తేలికగా తూగుతుందేమోనని సందేహం.

రేగడి:
మీ సందేహం సరైనదే. నిజానికి కిరాణా దుకాణం త్రాసు ఒక్కరోజు అడిగి తెచ్చుకోవడం మేలు. గ్లాసే గతి అయితే రెండు మట్టులనూ చిదిపిన తరువాతే కొలిపించండి, అప్పుడు కూడా కొంత తేడా మిగులుతుంది.

బడిగంట:
నలభై మంది పిల్లలు ఒకే కుళాయి దగ్గర కడగడం ఒక్క పీరియడులో అయ్యే పనిలా లేదు. ఎర్రనేల పొడి అంకెలు ఎలాగూ దగ్గరగానే వచ్చాయి కాబట్టి, రేగడిని మాత్రమే కడిగిద్దామా అని చూస్తున్నాను.

రేగడి:
అలా చేస్తే రెండు నేలలనూ ఒకే పద్ధతిలో పోల్చినట్లు కాదు. ఎర్రనేలను కనీసం ఒక జట్టయినా కడగాలి.