సీరియల్ నంబర్‌ని తేదీగా మార్చడానికి సెల్ ఫార్మాట్ మారిస్తే సరిపోతుందా, TEXT ఫార్ములా పెట్టాలా?

కాలేజీ ఆఫీసు: ఇంటర్ పిల్లల వివరాలు 412 మందివి ఎక్సెల్‌లో వచ్చాయి. పుట్టిన తేదీ కాలమ్‌లో 39604, 39448 లాంటి అంకెలున్నాయి. వీటిని రోజు-నెల-సంవత్సరం వరసలో మార్చి, సీఎస్‌వీ చేసి పోర్టల్‌కి ఎక్కించాలి. ఒకరు ఫార్మాట్ మార్చమంటున్నారు, ఒకరు TEXT పెట్టమంటున్నారు. ఏది సరైనది? రేపు సాయంత్రమే ఆఖరు, చాలా టెన్షన్‌గా ఉంది.

డీటీపీ సెంటర్: ఇంకేం ఆలోచించకండి, TEXT పెట్టేయండి.

```
=TEXT(B2,"dd-mm-yyyy")
```

ఫార్మాట్ మార్చడమంటే పైన చొక్కా మార్చినట్టే, లోపల అంకె అలాగే ఉంటుంది. `="పుట్టిన తేదీ: "&B2` అని రాసి చూడండి, మళ్లీ 39604 బయటికొస్తుంది. TEXT అయితే 05-06-2008 అనే ఉంటుంది. పదేళ్లుగా ఇదే చేస్తున్నాను.

లెక్కల మాస్టారు: వాక్యంలో కలిపే సంగతి మీరు చెప్పింది నిజమేనండీ. కానీ ఇక్కడ ఆ అంకే అసలు తేదీ, ఎక్సెల్ తేదీని 1900 మొదటి నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది. దాన్ని అక్షరాలుగా మార్చేశాక వయసు వారీగా సార్ట్ చేయండి: 2009 జనవరి 2న పుట్టిన పిల్ల 2008 జూన్ 5న పుట్టిన పిల్లాడి కంటే ముందొస్తుంది, ఎందుకంటే 02 అనేది 05 కంటే ముందు కదా. ఆఫీసులో పిల్లల జాబితాకి అది పెద్ద ఇబ్బంది. కాలమ్ సెలెక్ట్ చేసి `Ctrl+1` నొక్కి, `Custom`లో `dd-mm-yyyy` అని కొట్టండి. సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు ఎక్సెల్ తెరమీద కనిపించే రూపాన్నే రాస్తుంది, కాబట్టి ఫైల్లోకి 05-06-2008 అనే వెళ్తుంది.

పూణె నుంచి: నా అనుభవం కూడా చెప్తాను. నేను ఎక్సెల్ వాడకుండా, 1900 జనవరి 1కి ఆ అంకెన్ని రోజులు కలిపేలా చిన్న ప్రోగ్రాం రాశాను. అందరి తేదీలూ రెండు రోజులు ముందుకి జరిగాయి! 39604కి జూన్ 7 వచ్చింది. ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

లెక్కల మాస్టారు: ప్రశ్న అది కాదు గానీ, తెలుసుకోవాల్సిందే. జనవరి 1నే ఎక్సెల్ 1గా లెక్కిస్తుంది, అక్కడ ఒక రోజు పోయింది. పైగా 1900లో లేని ఫిబ్రవరి 29ని ఉన్నట్టు లెక్కేస్తుంది. లోటస్ 1-2-3లో ఉన్న పొరపాటుని, ఆ ఫైళ్లు కలవాలని, అలాగే తెచ్చుకున్నారు. 1899 డిసెంబర్ 30 నుంచి కలపండి, సరిపోతుంది.

కాలేజీ ఆఫీసు: మాస్టారూ, ఫార్మాట్ మార్చాను. చాలావరకు మారాయి గానీ 37 వరసలు కదల్లేదు. సెల్‌లో ఎడమవైపు అతుక్కుని 39716 లాగే ఉన్నాయి.

లెక్కల మాస్టారు: ఎడమవైపు ఉన్నాయంటే అవి అంకెలు కావు, అక్షరాలుగా నిల్వైనవి. వాటిమీద ఏ ఫార్మాటూ పనిచేయదు. ఆ కాలమ్ సెలెక్ట్ చేసి `Data`లో `Text to Columns` తెరిచి, ఏమీ మార్చకుండా `Finish` నొక్కండి. కుడివైపుకి జరిగి తేదీలైపోతాయి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను: సీఎస్‌వీ అయ్యాక దాన్ని మళ్లీ ఎక్సెల్‌లో తెరవకండి. కంప్యూటర్ రీజియన్ అమెరికాది అయివుంటే 05-06-2008ని మే 6గా చదివేస్తుంది. 25-06-2008కి ఇరవై ఐదో నెల లేదు కాబట్టి దాన్ని అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే 12లోపు రోజుల్లో పుట్టినవాళ్ల తేదీలే చప్పుడు లేకుండా తారుమారవుతాయి. అనుమానమొస్తే ఒక సెల్‌ని `General`కి మార్చండి. 39604 ఉండాల్సిన చోట 39574 ఉంటే తిరగబడినట్టే. సీఎస్‌వీని నోట్‌ప్యాడ్‌లోనే చూసుకోండి.

డీటీపీ సెంటర్: అందుకేగా నేను TEXT అంటున్నది! అక్షరాలైతే మారవు.

లెక్కల మాస్టారు: ఎక్సెల్ ఫైల్లో ఉన్నంతవరకే మారవండీ. సీఎస్‌వీలో ఇది అక్షరం, ఇది అంకె అన్న గుర్తేమీ ఉండదు. మీ TEXT ఫైలూ, నా ఫార్మాట్ ఫైలూ అక్కడ ఒకేలా ఉంటాయి. తెరిస్తే రెండూ పాడవుతాయి.

డీటీపీ సెంటర్: అది ఒప్పుకుంటాను. కానీ బోనఫైడ్ సర్టిఫికెట్లకి వర్డ్‌లో మెయిల్ మెర్జ్ చేసేటప్పుడు నెల ముందుకొచ్చి నన్ను చాలాసార్లు ఏడిపించింది. పక్కన TEXT కాలమ్ పెట్టుకున్నాకే ప్రాణం కుదుటపడింది. దాన్ని మాత్రం వదలను.

లెక్కల మాస్టారు: వర్డ్ ఫీల్డ్‌లోనే `\@ "dd-MM-yyyy"` చేర్చవచ్చు. అక్కడ నెలకి పెద్ద MM ఉండాలి, చిన్న mm నిమిషాలు అవుతుంది. అయినా సర్టిఫికెట్లకి విడిగా ఒక కాలమ్ ఉంచుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు, అసలు కాలమ్‌ని చెరపనంతవరకు.

డీటీపీ సెంటర్: ప్రతి ఫీల్డ్‌లో అది ఎక్కించే ఓపిక ఎవరికుందండీ! పక్కన కాలమ్ పెట్టుకోవడమే నయం.

కాలేజీ ఆఫీసు: 37 వరసలూ సర్దుకున్నాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అడ్మిషన్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని పదిమందివి సరిచూశాను, తేదీలు కలిశాయి. ఒక అమ్మాయిది మాత్రం రిజిస్టర్‌లో మార్చి 4 అని, ఫైల్లో ఏప్రిల్ 3 అని ఉంది. మాకు పంపిన చోటే ఎవరో ఇలా తిరగేసి ఉంటారా?

లెక్కల మాస్టారు: అలాగే కనిపిస్తోంది. అది మీ ఫార్మాట్ వల్ల జరిగింది కాదు, అంకే తప్పుగా వచ్చింది. ఒకటి దొరికిందంటే మిగతావీ ఉండొచ్చు. 12లోపు రోజున్న పేర్లన్నీ విడిగా తీసి రిజిస్టర్‌తో చూడండి.

```
=DAY(B2)<=12
```