ఎనిమిది ల్యాప్‌టాప్‌లకు కొటేషన్ కావాలి

నమస్తే అండి. విజయవాడలో చిన్న అకౌంటింగ్ ఆఫీసు నడుపుతున్నాను. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నుల పనికి ఎనిమిది ల్యాప్‌టాప్‌లు కావాలి. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. ర్యామ్ మొత్తం బోర్డుకే అతికించి ఉంటే మాత్రం వద్దండి, తర్వాత పెంచుకునే వీలుండదు. ఇంటి నుంచి ఆఫీసు సిస్టమ్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో లాగిన్ కావాలి, హోమ్ ఎడిషన్‌లో అది కుదరదు. అందుకే విండోస్ 11 ప్రో ఉన్న మోడల్సే చూపించండి.

ఒక్కోదాని ధర, 18 శాతం జీఎస్టీ విడివిడిగా రాయగలరా? బిల్లు మా జీఎస్టీ నంబరు మీదే ఉండాలి, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలి. ఎనిమిదీ ఒకేసారి తీసుకుంటే ఎంత తగ్గిస్తారు? పది తీసుకుంటే ఇంకా తగ్గుతుందా? డిస్కౌంట్ కొంచెం తక్కువైనా పర్లేదు, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ ముఖ్యం. రిటర్నుల గడువు దగ్గర మెషీన్ సర్వీస్ సెంటర్‌లో ఉంటే మాకు చాలా ఇబ్బంది. డెలివరీకి ఎన్ని రోజులు పడుతుందో, ఈ రేటు ఎప్పటివరకు ఉంటుందో కూడా చెప్పండి.